అమావాస్య నాటి అపాయింట్‌మెంట్లు

మాది వన్ టౌన్. పుట్టిందీ పెరిగిందీ కాపురం చేస్తున్నదీ ఆ సందుల్లోనే. ముస్లిం కుటుంబం కాబట్టి మా ఇంట్లో పంచాంగం అన్న వస్తువు ఏనాడూ లేదు. అయినా ఇవాళ ఏ తిథో, ఏ పూట రాహుకాలమో, వర్జ్యం ఎప్పుడు పోతుందో మా వీధిలో నన్నడిగినంత ధీమాగా ఇంకెవర్నీ అడగరు. మా ఆయన బట్టల కొట్టులో గుమాస్తా. ఉద్యోగం పోతే పురోహితం పెట్టుకోవచ్చులే అని నన్ను ఏడిపిస్తుంటాడు. ఆ విద్యంతా సూర్యారావుపేటలో ఆడవాళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో, ముందు డెస్కు దగ్గర కూర్చుని నేర్చుకున్నది.

మనిషికి జబ్బు ఎప్పుడైనా రావచ్చుగానీ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మాత్రం మంచి ఘడియ ఉండాలి. బుధవారం పన్నెండు దాటితే వద్దంటారు. శుక్రవారం పదిన్నర ఇస్తానంటే అవతల ఫోన్లో నిశ్శబ్దం. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. కడుపులో బిడ్డకి రాహువు తెలుసా కేతువు తెలుసా అని నోటిదాకా వచ్చేది. తర్వాత తర్వాత వాళ్ళు అడగకముందే నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఆ పూట వర్జ్యం ఉందండీ, పదకొండుంబావు తీసుకోండి అంటే ఎంత సంతోషించేవాళ్ళో. ఈ అమ్మాయికి అన్నీ తెలుసు అని మెచ్చుకునేవాళ్ళు. మెప్పు ఎవరికి చేదు?

మా పని అంతా కంప్యూటర్‌లో ఒక షీటు మీద నడుస్తుంది. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా పావుగంటకొక గడి. గడికి ఎదురుగా పేషెంటు పేరు, ఫోన్ నంబరు, ఎందుకొస్తున్నారు, వచ్చారా లేదా. డాక్టరమ్మ గారికి ఎక్కడైనా ఆపరేషన్ పడితే ఆ గంటలకి ‘లేరు’ అని పెట్టేస్తాం. ఆ గడులు బూడిదరంగులోకి మారిపోతాయి, వాటిలో ఏం రాసినా షీటు ఒప్పుకోదు. నేను డెస్కులో ఒకర్ని రాస్తుంటే అదే నిమిషంలో లోపల నర్సు తన ఫోన్లోంచి ఇంకొకర్ని రాయవచ్చు. ఒకే డాక్టరుకి, ఒకే తేదీన, ఒకే టైముకి రెండు పేర్లు పడ్డాయంటే రెండూ ఎర్రగా అయిపోతాయి. అది మొదటి కాపలా. మంచి కాపలా. దానివల్ల ఎన్నో తగాదాలు తప్పాయి.

షీటు అడుగున మూడు లెక్కలుంటాయి. ఆ రోజు బుక్ అయినవి ఎన్ని, వచ్చినవారెందరు, రానివారెందరు. డాక్టరమ్మ గారి భర్త బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, క్లినిక్ పైవ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు. రోజూ రాత్రి భోజనం ముందు ఆ మూడు అంకెలూ ఫోన్లో చూసుకుంటారు. రానివారి అంకె పెరిగితే మర్నాడు పొద్దున్నే మా ముందు నిలబడి, కోపం లేకుండా, ఎందుకమ్మా ఇన్ని గడులు వృథా అవుతున్నాయి అని అడిగేవారు. ఆ మర్యాద చూస్తే తిట్టినదానికన్నా ఎక్కువ సిగ్గేసేది.

వృథా ఎందుకవుతాయంటే, మనవాళ్ళు రెండేసి బుక్ చేస్తారు. డాక్టరమ్మ గారు మంగళవారం రమ్మంటారు. ఆవిడ ఎదురుగా అలాగేనండీ అని తలూపి, బయటికొచ్చి మంగళవారానికి రాయించుకుంటారు. ఇంటికెళ్ళాక పెద్దావిడ ఎవరో ఆ రోజు అమావాస్య అంటుంది. కడుపుతో ఉన్న పిల్లని అమావాస్య పూట గడప దాటించకూడదని మా వైపు సగం ఇళ్ళలో కట్టడి. అప్పుడు ఇంట్లో మగవాళ్ళెవరో ఫోన్ చేసి మళ్ళీ శుక్రవారానికో శనివారానికో రాయించుకుంటారు. మంగళవారంది రద్దు చెయ్యమని మాత్రం చెప్పరు. చెబితే డాక్టరమ్మ గారికి కోపమొస్తుందేమోనని భయం. మంగళవారం ఆ గడి అలా నోరు తెరుచుకుని ఉండిపోతుంది.

దీనికి విరుగుడుగా సారు రెండో కాపలా పెట్టించారు. రాబోయే వారం రోజుల్లో ఒకే ఫోన్ నంబరు రెండుసార్లు కనిపిస్తే ఆ రెండు గడులూ పసుప్పచ్చగా అవుతాయి. అలా అయినప్పుడు వాళ్ళకి ఫోన్ చేసి, ఏది ఉంచమంటారో కనుక్కుని, రెండోది తుడిచెయ్యాలి. సారు చెప్పింది అంతే. సబబైన మాటే.

మొదట్లో ఫోన్ చేసేవాళ్ళం. సగంమంది ఎత్తరు. ఎత్తినవాళ్ళు తప్పకుండా ఒకే జవాబు చెప్పేవాళ్ళు: అమావాస్యది తీసేయండి, రెండోది ఉంచండి. ఒక్కరంటే ఒక్కరు కూడా అమావాస్యది ఉంచమన్న పాపాన పోలేదు. అడిగిందే అడగడం, విన్నదే వినడం ఎంతకాలం? మెల్లగా ఫోన్లు మానేశాం. పసుపు కనిపిస్తే అమావాస్య గడి తుడిచేసి, ఆ నంబరుకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టేవాళ్ళం. మీ మంగళవారం అపాయింట్‌మెంట్ రద్దయింది, శుక్రవారం ఫలానా టైముకి రండి అని. ఎవరూ ఏమీ అనలేదు. కొందరు చేతులు జోడించిన బొమ్మ కూడా పంపేవాళ్ళు. ఈ పద్ధతి మా ఇద్దరిలో ఎవరు మొదలుపెట్టారని అడిగితే చెప్పలేను. పద్ధతులకి పుట్టినరోజులుండవు.

మా ఇద్దరిలో అన్నాను. పొద్దున డెస్కు నాది, సాయంత్రం డెస్కు ఇంకో అమ్మాయిది. పాతికేళ్ళ మనిషి, నన్ను అక్కా అంటుంది. చురుకైంది, నెమ్మదస్తురాలు. రాత్రి ఇంటికెళ్ళే ముందు మర్నాటి షీటంతా చూసి, ఎరుపూ పసుపూ లేకుండా శుభ్రం చేసి వెళ్ళడం ఆమె పని. పొద్దున నేను వచ్చి తెరిచేసరికి షీటు కడిగిన పలకలా ఉండేది.

ఇక పేర్ల సంగతి. ఫోన్లో బుక్ చేసే అత్తగార్లూ బావగార్లూ పిల్ల పేరు చెప్పరు. ఇంటిపేరు చెప్పి, వాళ్ళ కోడలండీ అంటారు. అమ్మాయి పేరేంటండీ అని గుచ్చి అడిగితే, రాసుకోమ్మా, అక్కడికొచ్చాక చెబుతాంగా అంటారు. వెనకాల ఇంకో ఫోన్ మోగుతుంటుంది. సరేనని ఇంటిపేరు రాసి, పక్కన ‘గారి కోడలు’ అని పెట్టేవాళ్ళం. వచ్చినప్పుడు ఫైలు తీస్తే పేరూ ఫైలు నంబరూ ఎలాగూ ఉంటాయి. షీటులో మాత్రం కృష్ణా జిల్లా నిండా కోడళ్ళే.

అలాంటి కోడళ్ళలో ఒకమ్మాయి ఒక శుక్రవారం వచ్చింది. చల్లపల్లి దాటాక ఏదో పల్లె. తొలి కాన్పు, ఎనిమిదో నెల. అత్తగారితో బస్సులో వచ్చింది. కాళ్ళకి పెద్ద మగచెప్పులు వేసుకుని, అవి జారకుండా వేళ్ళు బిగించి నడుస్తుంటే నాకు చూపు అక్కడే ఆగింది. ఆమె గమనించి నవ్వింది.

“మా ఆయనవండీ. నావి పట్టట్లేదు.”

ఆ నవ్వుకి నేనూ నవ్వానుగానీ లోపల బాగా అనిపించలేదు. ఇన్నేళ్ళు ఆ హాల్లో కూర్చున్నాక వాపుల్లో ఏది మామూలుదో ఏది కాదో కొంచెం కొంచెం తెలుస్తుంది. ఆమె కుర్చీలో కూర్చుని బొటనవేలితో పిక్క మీద నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందా అని చూసుకుంటోంది.

లోపల డాక్టరమ్మ గారు చాలాసేపు చూశారు. రక్తపోటు ఎక్కువగా ఉంది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. మాత్రలు రాశారు, రక్త పరీక్షలకి పంపారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అత్తగారితో చెప్పిన మాటలు నాకూ వినపడ్డాయి. మంగళవారం తప్పకుండా తీసుకురండి, ఆ రోజు చూసి ఇక్కడ చేర్చుకోవాలా వద్దా తేలుస్తాను, ఈలోగా విపరీతంగా తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా ఆగకుండా వచ్చెయ్యండి అన్నారు. అత్తగారు ప్రతి మాటకీ తలూపింది.

డెస్కు దగ్గరికొచ్చి ఆవిడ గోడ మీది క్యాలెండర్ వంక చూసింది. నాకు అర్థమైంది. అవునండీ అమావాస్యే అన్నాను. ఇంట్లో ఒకమాట అడిగి ఫోన్ చేస్తామమ్మా అని కోడల్ని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. ఆ చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా వినిపించింది.

తర్వాత జరిగినవి నాకు విడివిడిగా, తలోచోటా తెలిశాయి. వరసలో పెట్టి చెబుతాను.

శనివారం సాయంత్రం అత్తగారు ఫోన్ చేసింది. సాయంత్రం అమ్మాయి ఎత్తింది. మంగళవారం పదకొండుంబావుకి రాయించుకుంది. ఇంటిపేరు, గారి కోడలు, ఎదురుగా అత్తగారి ఫోన్ నంబరు. సోమవారం పొద్దున అదే ఇంట్లోంచి పెద్దకొడుకు ఫోన్ చేశాడు. ఎత్తింది నేను. అతని భార్యకి అయిదో నెల, మామూలు చెకప్. శుక్రవారం పది గంటలకి రాశాను. ఇంటిపేరు, గారి కోడలు. నంబరడిగితే తను పొలంలో ఉంటాడు కాబట్టి ఇంట్లో ఉండే తల్లి నంబరే ఇచ్చాడు. రెండు గడులూ పసుప్పచ్చగా అయి ఉంటాయి. ఆ వారం అమావాస్య ముందు ఇంకా చాలా పసుపున్నాయి. సాయంత్రం అమ్మాయి రాత్రికి చూసి తీసేస్తుందిలే అని నేను భోజనానికి లేచాను.

ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరూ కడుపుతో, ఇద్దరికీ అత్తగారి ఫోనే. షీటుకి మాత్రం ఒకే కోడలు, రెండు బుకింగ్‌లు, అందులో ఒకటి అమావాస్యది. సోమవారం రాత్రి ఇంటికెళ్ళే ముందు సాయంత్రం అమ్మాయి ఎప్పటిలాగే అమావాస్య గడి తుడిచేసింది. అత్తగారి నంబరుకి మెసేజ్ పెట్టింది. పొద్దున నేనొచ్చేసరికి షీటు శుభ్రంగా ఉంది.

మంగళవారం హాలు బోసిగా ఉంది. ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. మధ్యవయసు ఆడవాళ్ళు నలుగురైదుగురు, పిల్లలు కావాలని తిరుగుతున్న ఒక జంట. గర్భిణి ఒక్కరూ లేరు. నాకు అమావాస్యలు ఇష్టం అని ఇంట్లో చెప్పుకునేదాన్ని, ఆ రోజు నడుం నొప్పి ఉండదు కాబట్టి. ఆ పొద్దున ఎందుకో హాయిగా లేదు. ముందే తెలిసిందని గొప్ప చెప్పుకోను. ఏదో స్టవ్ మీద పెట్టి మరిచిపోయి వచ్చినట్టు ఒక గుంజాటన, అంతే. షీటు తీసి చూస్తే అంతా సవ్యంగా ఉంది. పన్నెండయ్యేసరికి రావలసినవాళ్ళందరూ వచ్చివెళ్ళారు. అడుగున అంకెలు చూశాను. బుక్ అయినవి ఆరు, వచ్చినవారు ఆరు, రానివారు సున్నా. సారు చూస్తే సంతోషిస్తారు అనుకున్నాను.

డాక్టరమ్మ గారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఆ చల్లపల్లి అమ్మాయి రాలేదేం అని అడిగారు.

నేను షీటు మళ్ళీ చూశాను. పదకొండుంబావు గడి ఖాళీ. ఈ రోజుకి ఆమె పేరు లేదండీ అన్నాను. లేకపోవడమేంటి, నేను చెప్పాను కదా అన్నారు. నాకప్పుడు ఆ పెద్ద చెప్పులు గుర్తొచ్చాయి. ఫైలు తీసి అందులో ఉన్న నంబరుతో షీటంతా వెతికాను. శుక్రవారం పది గంటల దగ్గర దొరికింది. అమ్మయ్య అని ఊపిరి కూడా వదిలాను. శుక్రవారానికి మార్చుకున్నట్టున్నారండీ అన్నాను. ఆవిడ ముఖం మారింది.

“శుక్రవారం దాకా ఆగే కేసు కాదు. ఇప్పుడే ఫోన్ చెయ్యి.”

నేను రింగ్ చేస్తూ ఆ శుక్రవారం గడి వంకే చూస్తున్నాను. ఎందుకొస్తున్నారు అన్నచోట ‘అయిదో నెల చెకప్’ అని ఉంది. నేను రాసిందే. ఎనిమిదో నెల పిల్లకి అయిదో నెల చెకప్ ఏమిటి? అవతల ఫోన్ మోగుతూనే ఉంది.

అత్తగారు ఎత్తింది. నేను ఎవరో చెప్పి, కోడల్ని ఇవాళ తీసుకురాలేదేమండీ అన్నాను. అమావాస్య అని ఆపేశారా అని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధ. ఆవిడ కోప్పడలేదు. తెలియనివాళ్ళకి నెమ్మదిగా చెప్పినట్టు చెప్పింది.

“అదేంటమ్మా, డాక్టరమ్మ గారు అంత గట్టిగా చెప్పారని అమావాస్యయినా సరే రావడానికే సిద్ధపడ్డాం. కారు కూడా మాట్లాడుకున్నాం. మీరే కదా రద్దు చేసి శుక్రవారం రమ్మన్నారు. రిపోర్టులు చూసుకుని కంగారేం లేదని మార్చి ఉంటారనుకున్నాం. ఇద్దర్నీ శుక్రవారమే తీసుకొద్దామని ఊరుకున్నాం.”

ఇద్దర్నీ. ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. ఎవర్ని తుడిచేశామో, ఎందుకు తుడిచేశామో. అమ్మాయి ఎలా ఉందండీ అని మాత్రం అడగగలిగాను. రాత్రి నుంచి తలనొప్పి అంటోందమ్మా, నిద్రలేక అనుకున్నాం, ఇప్పుడే పడుకుంది అంది.

డాక్టరమ్మ గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. లేపి కూర్చోబెట్టమన్నారు. పైపొట్టలో నొప్పి ఉందా, కళ్ళముందు మెరుపుల్లా ఏమైనా కనిపిస్తున్నాయా అడగమన్నారు. మేమిద్దరం నిలబడి ఆ ఇంట్లో అడుగుల చప్పుడు వింటున్నాం. ఎక్కడో కోడి అరిచింది. తర్వాత అత్తగారి గొంతు వినిపించింది. ఆ గొంతులో ఇందాకటి నెమ్మది లేదు. మెరుపులు కనిపిస్తున్నాయంటోంది, నా ముఖం సరిగ్గా ఆనట్లేదంటోంది అంది.

విజయవాడ రావొద్దు, అంత టైము లేదు, బందరు పెద్దాసుపత్రికి వెళ్ళండి అని డాక్టరమ్మ గారు చెప్పారు. 108 కి చెయ్యండి, అది ఆలస్యమైతే మీరు మాట్లాడుకున్న కారులోనే బయల్దేరండి, ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఒక్కో మాటా రెండేసిసార్లు చెప్పారు. ఫోన్ పెట్టేశాక బందరులో తనకి తెలిసిన డాక్టరుకి చేసి, ఇలా ఒక కేసు వస్తోంది, ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకోండి అన్నారు. అంతా అయ్యాక కుర్చీలో కూర్చుని, ఎవరు మార్చారమ్మా అని నన్ను అడిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కంప్యూటర్ తెర తన వైపు తిప్పుకుని చూశారు. తెర మీద బుక్ అయినవి ఆరు, వచ్చినవారు ఆరు, రానివారు సున్నా.

నాకు ఆ సున్నాని చూస్తే భయం వేసింది. ఇప్పటికీ వేస్తుంది. రాకపోతే ‘రాలేదు’ అని పడాలి, పడితే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. పేరు తుడిచేసినవాళ్ళు రానివారి లెక్కలోకి కూడా రారు. గడి ఖాళీ, అంతే. మేం అన్నాళ్ళూ రానివారిని తగ్గించామని మురిసిపోయింది ఇలాగే.

ఆ మధ్యాహ్నం నేను ఇంటికి వెళ్ళలేదు. అత్తగారి ఫోన్‌కి చేస్తూనే ఉన్నాను. ఒకసారి మోగుతుంది, ఒకసారి అందుబాటులో లేదంటుంది. సాయంత్రం అమ్మాయి డ్యూటీకి వచ్చి, అక్కా ఇంకా ఉన్నావేంటి అని నవ్వుతూ బ్యాగు పెట్టింది. చెప్పాను. ముందు ఆమెకి అర్థం కాలేదు. ఒకే నంబరక్కా, ఒకే ఇంటిపేరక్కా అంది రెండుసార్లు. తర్వాత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుపోయింది.

హాల్లో దీపాలు వేసే వేళకి బందరు డాక్టరు ఫోన్ చేశారు. ఆసుపత్రి ఇంకా చేరకముందే కార్లో ఫిట్స్ వచ్చాయట. ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే ఆపరేషన్ చేశారు. తల్లికి ఇంకా తెలివి రాలేదు, చూడాలన్నారు. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల.

డాక్టరమ్మ గారు ఫోన్ పెట్టేసి, లోపల కూర్చున్న పేషెంటు దగ్గరికి వెళ్ళారు. సాయంత్రం అమ్మాయి ఆ పూట పని చెయ్యలేకపోయింది. ఆమె గడుల్ని నేనే చూసుకున్నాను. రేపటి నుంచి రానక్కా, నా చేతుల్తోనే తుడిచాను అని ఏడ్చింది. నేను ఆమెని ఓదార్చడానికి అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నా అదే చేసేదాన్ని అన్నాను. అది నిజం. నిజమైనందుకే నాకు నిద్ర పట్టలేదు.

ఎంతసేపు చూసినా ఆ శుక్రవారం పది గంటలకి ఎవరూ రాలేదు. ఎదురుగా ‘రాలేదు’ అని నేనే పెట్టాను. ఆ రాత్రి సారు అంకె చూసి ఉంటారు. మర్నాడు పొద్దున ఏమీ అడగలేదు. ఆ వారంలోనే మా ఇద్దర్నీ కూర్చోబెట్టి రెండో కాపలాని మార్పించారు. ఇప్పుడది ఫోన్ నంబరుని చూసి ఊరుకోదు. ఫైలు నంబరు కలిస్తేనే డబుల్ అంటుంది. ఫోన్లో ఎవరు బుక్ చేసినా అమ్మాయి సొంత పేరు చెప్పాలి, చెప్పకపోతే గడి నిండదు. మనిషితో మాట్లాడకుండా ఏ గడీ తుడవకూడదు. తుడవాల్సి వస్తే పేరు తియ్యకుండా పక్కన ‘రద్దు’ అని, ఎవరు అడిగితే రద్దు చేశామో రాయాలి. లెక్కల్లో రద్దయినవాళ్ళకి నాలుగో అంకె వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ ఆకులు పనికొస్తాయి, కాదనను. కాలింది మా చేతులు కాదు.

తెలివి వచ్చిందన్న కబురు కొన్నాళ్ళకి వచ్చింది. చూపు కూడా మెల్లగా తేరుకుందన్నారు. ఆ ఇంటివాళ్ళు మా మీదకి గొడవకి వస్తారని అందరం ఎదురుచూశాం. వస్తే బాగుండుననిపించింది నాకు. మెట్ల మీద పెద్ద అడుగులు వినిపిస్తే చాలు, వాళ్ళేనేమో అని లేచి నిలబడేదాన్ని. ఎవరూ రాలేదు.

చివరికి వచ్చింది ఆమే. రెండు నెలలు దాటాక, అత్తగారితో. రక్తపోటు చూపించుకోవడానికి. అది ఇంకా పూర్తిగా దిగలేదట. చిక్కిపోయింది, మెడలో నల్లపూసలు వదులుగా వేలాడుతున్నాయి. ఆ రోజు హాలు కిటకిటలాడుతోంది, ఎటు చూసినా నిండు పొట్టలే. ఒకావిడ జరిగి చోటిచ్చినా ఆమె కూర్చోలేదు. నా డెస్కుకి ఆనుకుని, హాలుకి వీపు పెట్టి, పిలిచేదాకా అలాగే నిలబడింది. నేను క్షమించమ్మా అని అడగాలనుకుని మాటలు కూడదీసుకున్నాను. పైకి వచ్చింది మాత్రం, మంచినీళ్ళు కావాలా అని. వద్దండీ అంది.

లోపలికెళ్ళి వచ్చాక అత్తగారు నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారని చెప్పింది. షీటు తెరిచాను. పేరు అడగలేదు, నాకు తెలుసు. ఏ రోజు ఇమ్మంటారు అని అత్తగారి వంక చూస్తే, ఆవిడ కోడలి వంక చూసింది.

“వచ్చే నెల అమావాస్య ఎప్పుడండీ?” అంది ఆ అమ్మాయి.

తేదీ చెప్పి, ఆ రోజు వద్దులేమ్మా, దాని తర్వాత మంచి రోజు చూసి ఇస్తాను అన్నాను. ఇచ్చేదాన్నే. ఆమె తలడ్డంగా ఊపింది.

“అమావాస్య రోజే ఇవ్వండి. ఆ రోజు కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరూ రారు కదా.”

అత్తగారు ముఖం పక్కకి తిప్పుకుంది. నేను ఆ తేదీకి వెళ్ళి, పొద్దున పది గంటల గడిలో ఆ అమ్మాయి పేరు రాశాను.